లెక్క చెప్పండి, గుట్టు కాదు

"ఏమ్మా, ఇంట్లో కూర్చుని వంటల గురించి రాస్తుంటావు కదా, నెలకి ఎంతొస్తుందేంటి?"

పక్కింటి పిన్నిగారు ఇలా అడిగితే ఎవరైనా ఒకటే చెబుతారు. "ఏదోలే పిన్నీ, కరెంటు బిల్లుకి సరిపోతుంది." ఆవిడకు కావాల్సింది కాలక్షేపం, మనం ఇచ్చేదీ అదే. కానీ అదే ప్రశ్న డిగ్రీ అయిపోయిన అమ్మాయి వచ్చి, "అక్కా, నేనూ మొదలుపెడదామనుకుంటున్నా. నిజంగా డబ్బులొస్తాయా?" అని అడిగితే కరెంటు బిల్లు జవాబు పనికిరాదు. ఆమె ఏడాదో రెండేళ్లో ఈ పని మీద పెట్టబోతోంది. ఆమెకు అంకెలు కావాలి.

ఇంటర్నెట్‌లో రాసి సంపాదించే బ్లాగర్లు కొందరు నెలనెలా తమ ఆదాయం లెక్క పాఠకుల ముందు పెట్టడం ఈ రెండో ప్రశ్న నుంచే మొదలైంది. దీన్నే 'ఇన్‌కమ్ రిపోర్ట్' అంటారు. చూడడానికి నాలుగు అంకెల పట్టిక. రాయడానికి కూర్చుంటే మాత్రం రెండు చిక్కులు. తక్కువ చెబితే నమ్మరు, ఎక్కువ చెబితే ఇంటి గుట్టు వీధిన పడుతుంది. ఎంత చెబితే నిజాయితీ, ఎక్కడ ఆగితే మర్యాద?

ఎవరు మొదలుపెట్టారు?

ఈ అలవాటుకి బాగా పేరు తెచ్చినవాడు అమెరికాలోని కాలిఫోర్నియాకి చెందిన పాట్ ఫ్లిన్. 2008 మాంద్యంలో ఆర్కిటెక్చర్ సంస్థలో అతని ఉద్యోగం పోయింది. అప్పటికే భవన నిర్మాణ రంగంలోని ఒక అర్హత పరీక్షకు చదివేటప్పుడు రాసుకున్న నోట్సును వెబ్‌సైట్‌లో పెట్టి ఉన్నాడు. ఆ నోట్సునే ఇ-బుక్‌గా అమ్మితే 2008 అక్టోబరులో సుమారు 7,900 డాలర్లు వచ్చాయి. ఆ లెక్క అందరికీ చెప్పేశాడు. అలా దాదాపు తొమ్మిదేళ్ల పాటు నెలనెలా చెబుతూ పోయాడు.

రెండో ఉదాహరణ వంటలది. మినసోటా రాష్ట్రంలో లిండ్సే, బ్యోర్క్ ఆస్ట్రమ్ దంపతులు 'పించ్ ఆఫ్ యమ్' నడిపేవారు. ఆమె అప్పట్లో బడి పంతులమ్మ. 2011లో వాళ్లు బయటపెట్టిన మొదటి నెల ఆదాయం 22 డాలర్ల లోపే. ఆ చిన్న అంకెకే జనం ఆగి చూశారు. గొప్పలు చెప్పుకునేవాడు ఎవడూ 22 డాలర్లతో మొదలుపెట్టడు కదా! మన దేశంలో 'షౌట్‌మీలౌడ్' నడిపిన హర్ష్ అగ్రవాల్ కూడా ఇలాంటి నివేదికలు ఇచ్చారు.

తెలుగులో ఈ మాట కొంచెం ఆలస్యంగా వచ్చింది. గూగుల్ తన ప్రకటనల సేవ యాడ్‌సెన్స్‌ని తెలుగు సైట్లకు అందుబాటులోకి తెచ్చింది 2018లో. అప్పటి నుంచే తెలుగులో రాసేవాళ్లకి 'నెల లెక్క' అనేది మాట్లాడుకోదగ్గ సంగతి అయింది.

ఏ నెల డబ్బు?

లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ వేసుకుందాం. విజయవాడలో ఉంటూ తెలుగులో వంటల గురించి రాసే ఒకావిడ సెప్టెంబరు నెల లెక్క చెప్పదలచుకుంది అనుకోండి. మనిషీ అంకెలూ ఊహించుకున్నవే. లెక్క నడిచే తీరు మాత్రం నిజంగా జరిగేదే.

ఆవిడకు నాలుగు దారుల్లో డబ్బు వస్తుంది. పేజీల మధ్య కనిపించే యాడ్‌సెన్స్ ప్రకటనలు ఒకటి. తాను సిఫారసు చేసిన మిక్సీనో మూకుడునో పాఠకులు అమెజాన్‌లో కొంటే వచ్చే కమీషన్ రెండోది. ఏదైనా కంపెనీ డబ్బిచ్చి రాయించుకునే వ్యాసం మూడోది. సొంతంగా రాసి అమ్మే పిండివంటల ఇ-బుక్ నాలుగోది.

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. సెప్టెంబరు 30 రాత్రి యాడ్‌సెన్స్ తెరిస్తే రూ. 18,400 అని కనిపిస్తుంది. అది అంచనా మాత్రమే. దొంగ క్లిక్కులు, పొరపాటు క్లిక్కులు తీసేసి గూగుల్ ఆ నెల లెక్కను తర్వాతి నెల మొదట్లో ఖరారు చేస్తుంది. అంకె 17,900కి దిగొచ్చు. ఆ డబ్బు చెల్లించేది అక్టోబరు 21-26 తేదీల మధ్య. అదీ ఖాతాలో బాకీ 100 డాలర్లు దాటితేనే. అంటే సెప్టెంబరులో ఆవిడ బ్యాంకులో పడింది ఆగస్టు డబ్బు, రూ. 16,200. అమెజాన్ ఇంకా నెమ్మది. నెల ముగిశాక సుమారు 60 రోజులకు గానీ ఇవ్వదు. సెప్టెంబరు చివర్లో చేతికందిన రూ. 3,300 నిజానికి జులైలో సంపాదించింది.

కాబట్టి 'సెప్టెంబరులో సంపాదించినది', 'సెప్టెంబరులో చేతికొచ్చినది' వేరువేరు అంకెలు. ఏది చెప్పినా తప్పు లేదు, కానీ ఏది చెబుతున్నామో మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఒక నెల ఒకటి, ఇంకో నెల ఇంకొకటి వాడితే లెక్కకు అర్థం ఉండదు. పండగ నెలలో అంచనా అంకె పెద్దగా ఉందని అది చూపించి, మామూలు నెలలో బ్యాంకు అంకె చూపించేవాళ్లు ఉంటారు. ఒక్క అబద్ధమూ ఆడకుండానే చదివేవాణ్ని తప్పుదారి పట్టించడం అంటే ఇదే.

కొత్తగా రాసేవాళ్లకి బ్యాంకు అంకె తేలిక. పాస్‌బుక్కులో ఉన్నదే చెబుతారు. తర్వాత దిద్దుకోవాల్సిన పని రాదు.

వచ్చింది ఎంత, మిగిలింది ఎంత?

ఇప్పుడు చేతికొచ్చిన లెక్క వేద్దాం. యాడ్‌సెన్స్ రూ. 16,200. అమెజాన్ రూ. 3,300. ఒక వంటపాత్రల కంపెనీ వ్యాసానికి రూ. 25,000 ఇచ్చింది. ఇ-బుక్ రూ. 149 చొప్పున 60 కాపీలు పోయాయి, రూ. 8,940. మొత్తం రూ. 53,440.

చాలా నివేదికలు ఇక్కడే ఆగిపోయి, ఈ అంకెనే పెద్దక్షరాల్లో పెడతాయి. కానీ దీంట్లోంచి పోయేవి ఉన్నాయి. ఇ-బుక్ డబ్బు ఆన్‌లైన్‌లో వసూలు చేసి పెట్టినందుకు పేమెంట్ గేట్‌వే 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి రూ. 211 తీసుకుంది. వంటలు ఒకటికి రెండుసార్లు చేసి చూడ్డానికి సరుకులు రూ. 4,800. వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడికి రూ. 6,000. ఇంటర్నెట్ రూ. 700, పాఠకులకు ఈమెయిళ్లు పంపే సేవకి రూ. 900. హోస్టింగ్‌కి ఏడాదికి ఒకేసారి రూ. 7,200 కడుతుంది, నెలకి రూ. 600. డొమైన్ పేరుకి ఏడాదికి రూ. 1,200, నెలకి రూ. 100.

ఈ ఏడాది ఖర్చుల దగ్గర చాలామంది జారతారు. హోస్టింగ్ మార్చిలో కట్టారు కాబట్టి మార్చి లెక్కలోనే ఖర్చు చూపిస్తారు. మిగతా పదకొండు నెలలూ అది ఉచితంగా వచ్చినట్టు కనిపిస్తుంది. పన్నెండుతో భాగించి ప్రతి నెలా రాసుకుంటేనే ఏ నెలకా నెల నిజం తెలుస్తుంది.

ఖర్చులన్నీ కలిపితే రూ. 13,311. మిగిలింది రూ. 40,129. అందులో కూడా పాత్రల కంపెనీ 10 శాతం టీడీఎస్ కింద రూ. 2,500 కోసుకుని ఆవిడ పేరు మీద ప్రభుత్వానికి కట్టింది. ఆ డబ్బు పోలేదు, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. ప్రస్తుతానికి మాత్రం చేతిలో లేదు. చేతిలో ఉన్నది రూ. 37,629. ఆదాయపు పన్ను ఏమన్నా పడితే ఇందులోంచే కట్టాలి.

మరొక్క అంకె కూడా చెబితే ఆ డిగ్రీ అమ్మాయికి నిజంగా మేలు. పని గంటలు. రోజుకి ఐదు గంటల లెక్కన 26 రోజులంటే 130 గంటలు. మిగిలిన 40,129ని భాగిస్తే గంటకి సుమారు 309 రూపాయలు. 'నెలకి యాభై మూడు వేలు' అన్న మాటకీ 'పన్నుకి ముందు గంటకి మూడొందలు' అన్న మాటకీ ఎంత దూరమో చూడండి. రెండూ ఒకే నెల లెక్క.

పాత్రల కంపెనీ వ్యాసం వచ్చే నెల రాకపోవచ్చు. అది తీసేస్తే మిగిలేది రూ. 15,129. ఒక్క వ్యాసం మీద నెలలో సగానికి పైగా ఆధారపడి ఉందన్నమాట. ఈ వాక్యం రాయడానికి కాస్త ధైర్యం కావాలి. కానీ ఈ వాక్యం ఉంటేనే అది లెక్క అవుతుంది.

తీసివేతలో బయటపడే రహస్యం

ఇక రెండో చిక్కు. ఎక్కడ ఆగాలి?

ఆవిడ మొదట అనుకున్నది ఇది. 'కంపెనీ పేరు చెప్పను, ఎంతిచ్చారో చెప్పను, మిగతావన్నీ చెప్పేస్తాను.' మొత్తం 53,440 అంది. యాడ్‌సెన్స్ 16,200, అమెజాన్ 3,300, ఇ-బుక్ 8,940 అంది. నాలుగో తరగతి పిల్లాడు కూడా తీసివేత చేసి 25,000 అని చెప్పేస్తాడు. ఆ నెల ఆవిడ సైట్‌లో ప్రకటన వ్యాసం ఒక్కటే ఉంది, దాంట్లో కంపెనీ పేరు ఉంది. రహస్యం అనుకున్నది రెండు నిమిషాల్లో తేలిపోయింది. దీని ఫలితం ఆవిడ ఒక్కదానితో పోదు. రేపు ఇంకో కంపెనీ, "వాళ్లకి ఇరవై ఐదుకి రాశారు కదా, మాకు ముప్పై ఎందుకు?" అంటుంది. ఒప్పందంలో రేటు బయట చెప్పకూడదని రాసుంటే మాట తప్పినట్టు కూడా అవుతుంది.

శాతాల్లో చెప్పడం దీనికి విరుగుడు కాదు. మొత్తం చెప్పి, 'అందులో 47 శాతం ప్రకటన వ్యాసం' అంటే అంకె చెప్పినట్టే.

పనికొచ్చే పద్ధతి రెండు పద్దులను కలిపి చెప్పడం. 'కంపెనీ వ్యాసాలు, ఇ-బుక్ కలిపి రూ. 33,940' అంటే చాలు. అయితే ఇక్కడా ఒక కిటుకు ఉంది. ఇ-బుక్ ధర 149 అని అందరికీ తెలుసు. 'ఈ నెల 60 కాపీలు పోయాయి, అందరికీ ధన్యవాదాలు' అని ఇంకోచోట సంతోషంగా రాస్తే మళ్లీ తీసివేత మొదలు. పద్దులు కలిపినప్పుడు, వాటిని విడగొట్టే అంకె మరెక్కడా ఇవ్వకూడదు. ఇంకా నిక్కచ్చిగా ఉండాలంటే కంపెనీల డబ్బు నెలకి కాకుండా మూడు నెలలకి ఒకసారి మొత్తంగా చెప్పాలి. ఆ మూడు నెలల్లో కనీసం రెండు మూడు కంపెనీలు ఉంటేనే ఏది ఎవరిదో తేలదు. అలా చేసే నెలల్లో మొత్తం ఆదాయం నుంచి కూడా ఆ పద్దు తీసేసి చెప్పాలి. లేకపోతే అదే తీసివేత మళ్లీ పనిచేస్తుంది.

యాడ్‌సెన్స్‌కి వేరే గీత ఉంది, చాలామందికి తెలియదు. వాళ్ల నిబంధనల ప్రకారం గూగుల్ మీకు చెల్లించిన మొత్తం ఎంతో ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. కానీ ఎంతమందిలో ఎంతమంది ప్రకటన నొక్కారు వంటి పనితీరు లెక్కలు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఎంతో ముచ్చటగా డ్యాష్‌బోర్డు మొత్తం ఫొటో తీసి పెట్టేవాళ్లు ఈ గీత దాటేస్తున్నారు.

అసలు ఆ స్క్రీన్‌షాట్‌తో ఒరిగేదీ లేదు. బ్రౌజర్‌లో కనిపించే ఏ అంకెనైనా కుడి మౌస్ నొక్కి, పేజీ కోడ్ తెరిచి ఒక్క నిమిషంలో మార్చి ఫొటో తీసుకోవచ్చు. అది సాక్ష్యం కాదు. పైగా దాంట్లో ఖాతా నంబరు, ఈమెయిలు, బ్యాంకు ఖాతా చివరి అంకెలు కూడా కనబడుతుంటాయి. నమ్మకం పెంచదు, ప్రమాదం మాత్రం పెంచుతుంది.

ఇంటి విషయాలు

మిగిలింది ఇంటి గీత. 'ఈ నెల తక్కువ వచ్చింది, ఎందుకంటే అత్తగారికి ఆపరేషన్ అయింది, ఆసుపత్రిలో పదిరోజులు ఉన్నాను.' నిజమే కావచ్చు, కానీ అది అత్తగారి విషయం. ఆవిడను అడగకుండా రాయడానికి మనకు హక్కు లేదు. 'ఈ నెల పది రోజులు పని చేయలేకపోయాను, నాలుగు వ్యాసాలకి బదులు రెండే రాశాను' అంటే సరిపోతుంది. ఆదాయం ఎందుకు తగ్గిందో పాఠకుడికి తెలిసింది. ఆసుపత్రి గది తెలియలేదు.

భర్త జీతం, ఇంటి అప్పు, పిల్లల ఫీజు, బంగారం, ఇవేవీ ఈ లెక్కలోవి కావు. ఒక్క చోట మాత్రం ఇంటి సంగతి ఒక ముక్క చెప్పాల్సిందే. ఇల్లు గడవడం ఈ ఆదాయం మీద కాకపోతే ఆ మాట చెప్పాలి. 'ఇంట్లో మరో సంపాదన ఉంది, అందుకే మొదటి రెండేళ్లు రూపాయి రాకపోయినా తట్టుకోగలిగాను.' జీతం ఎంతో చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం లేకపోతే, ఏ ఆసరా లేని కుర్రాడు ఆ లెక్క చూసి ఉద్యోగం మానేసే ప్రమాదం ఉంది.

ఎడిటింగ్ కుర్రాడి జీతం కూడా అతని గుట్టే. ఉన్నది ఒక్కడే అయితే 'జీతాలు' అని వేరుగా రాయకుండా 'వీడియో, సరుకుల ఖర్చు రూ. 10,800' అని కలిపి రాయడం మర్యాద.

ఇవన్నీ పాటిస్తే ఆవిడ రాసే లెక్క ఇంత చిన్నదిగా ఉంటుంది:

> ఇది సెప్టెంబరులో నా బ్యాంకుకి చేరిన డబ్బు లెక్క. ప్రకటనల డబ్బు ఆగస్టుది, అమెజాన్ కమీషన్ జులైది. యాడ్‌సెన్స్ 16,200. అమెజాన్ 3,300. కంపెనీ వ్యాసం, ఇ-బుక్ కలిపి 33,940 (టీడీఎస్ కోతకి ముందు). మొత్తం 53,440. ఖర్చులు 13,311, అందులో సరుకులు, వీడియో పని 10,800. మిగిలింది 40,129, పన్నుకి ముందు. పని చేసింది సుమారు 130 గంటలు. కంపెనీ వ్యాసం లేకపోతే మిగిలేది ఇందులో సగం కూడా కాదు. ఇల్లు దీని మీదే నడవడం లేదు. ఆ వ్యాసం పైన 'ప్రకటన' అని రాశాను. పాత్రలు కూడా వాళ్లే ఉచితంగా పంపారు.

చివరి రెండు వాక్యాలు మర్యాద కోసం పెట్టినవి కావు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బు తీసుకున్నా, వస్తువు ఉచితంగా తీసుకున్నా, ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. ఏ భాషలో సిఫారసు చేస్తే ఆ భాషలోనే చెప్పాలి. తెలుగు వ్యాసం కింద సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ముక్క పెడితే చాలదన్నమాట. వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రచారానికి మొదటిసారి రూ. 10 లక్షల దాకా జరిమానా పడే వీలుంది.

పాఠకుడికి అసలు బాకీ ఉన్న నిజం కూడా ఇదే. మీ సంపాదన ఎంతో తెలుసుకునే హక్కు అతనికి లేదు. మీరు మంచిదన్న మూకుడు అమ్ముడైతే మీకు ఏమన్నా వస్తుందా అన్నది తెలుసుకునే హక్కు మాత్రం ఉంది. మొత్తం అంకె చెప్పడం మీ ఇష్టం. డబ్బు వచ్చిన దారి చెప్పడం మీ బాధ్యత.

చదివేవాళ్లు చూడాల్సినవి

ఇన్‌కమ్ రిపోర్టులకి ఒక పాత జబ్బు ఉంది. బ్లాగు ఎలా మొదలుపెట్టాలో చెబుతూ, ఫలానా హోస్టింగ్ కొనండని లింకు ఇస్తారు. ఆ లింకు ద్వారా కొంటే వాళ్లకి కమీషన్. వచ్చే నెల నివేదికలో ఆ కమీషనే పెద్ద ఆదాయంగా కనిపిస్తుంది. అది చూసి ఇంకొందరు అదే లింకు నొక్కుతారు. అంటే వంటల మీదో ప్రయాణాల మీదో రాసి కాకుండా, సంపాదన కథ చెప్పి సంపాదించడం. నేరం కాదు. కానీ అలాంటి నివేదిక చూసి 'వంటలు రాస్తే ఇంత వస్తుంది' అనుకుంటే పొరపాటు. హోస్టింగ్ కమీషన్ తీసేస్తే ఎంత మిగులుతుందో చూడాలి.

రెండోది, వరుస. మంచి నెలల లెక్క మాత్రమే కనబడి, గూగుల్ వెతుకులాట పద్ధతి మార్చాక సందర్శకులు పడిపోయిన నెలలు మాయమైతే, అది ఏరి పెట్టిన లెక్క. రాసేవాళ్లకీ ఇదే నియమం. చెబితే ప్రతి నెలా చెప్పాలి, ఆపదలచుకుంటే ఆపుతున్నానని ఒక మాట చెప్పి ఆపాలి. కొన్నాళ్లకి ఆపేయడంలో తప్పేమీ లేదు. పాట్ ఫ్లిన్ కూడా ఆపేశాడు. ఒంటరిగా ఉన్నప్పుడు తన అంకె తన ఇష్టం. జీతగాళ్లు, భాగస్వాములు వచ్చాక అది పదిమంది అంకె.

ఈసారి ఎవరి నెలవారీ లెక్క కనబడినా, పైన పెద్దక్షరాల్లో ఉన్న మొత్తం దగ్గర ఆగకండి. ఖర్చుల వరుస ఎక్కడుందో వెతకండి. అది లేకపోతే మీరు చదువుతున్నది లెక్క కాదు, ప్రకటన.